సుద్దగీత

మా ఆఫీసులో ఒక లారీ డ్రైవర్ రిటైరవుతున్నారు, లాజిస్టిక్స్ మేనేజర్‌గా మీరు ఐదు నిమిషాలు మాట్లాడాలి అని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చినప్పుడు నేను అస్సలు కంగారు పడలేదు. ఫేర్‌వెల్ రోజున మైకు పట్టుకుంటే జూనియర్లు చప్పట్లతో బతిమాలినా వదలని బ్యాచ్ మాది. అరగంటలో రాసేశాను. "సుదీర్ఘ కాలం అలుపెరగని సేవలందించి, సంస్థ ఎదుగుదలలో భాగమై, మనందరికీ ఆదర్శంగా నిలిచిన" అంటూ ఒక పేజీ నిండింది.

రాత్రి భోజనం దగ్గర మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ పెరుగు కలుపుకుంటూ శ్రద్ధగానే వింది. చివర్లో ఒక్క మాటంది. "బాగుంది. రేపు మీ క్యాషియర్ రిటైరైనా ఇదే చదివెయ్యొచ్చు."

మళ్ళీ చదువుకున్నాను. పేజీ మొత్తంలో లారీ అన్న మాటే లేదు.

ఆయన్ని మా యార్డులో అందరూ కాకా అంటారు. 1997లో మాదాపూర్ అంటే ఇంకా బండరాళ్ళూ తుప్పలే అయిన రోజుల్లో, సైబర్ టవర్స్ కడుతుంటే ఆ చుట్టుపక్కలకి కంకర తోలిన మనిషి. 1998 నవంబర్‌లో వాజ్‌పేయి వచ్చి ఆ బిల్డింగ్ ప్రారంభించిన రోజున లారీలన్నీ ఎక్కడికక్కడ ఆపేశారనీ, తాను పొద్దంతా కొత్తగూడ దగ్గర చెట్టు కింద పడుకున్నాననీ నవ్వుతూ చెప్పేవారు. 2001లో మా కంపెనీలో చేరారు. మేము ఐటీ కంపెనీల భవనాలకి బరువైన సామాను చేరుస్తాం. జనరేటర్లు, చిల్లర్లు, యూపీఎస్ ప్యానెళ్ళు, బ్యాటరీలు. పగలు భారీ వాహనాలకి సిటీలోకి ప్రవేశం ఉండదు కాబట్టి మా పనంతా రాత్రిళ్ళే. మీలో కొందరు రేపు అక్కడే ఉద్యోగాలు చేస్తారు. మీరు పొద్దున్న ఏసీ గదిలో కూర్చునేసరికి ఆ ఏసీకి కావలసినవన్నీ రాత్రికి రాత్రే వచ్చి వెళ్ళి ఉంటాయి.

స్పీచ్‌లోకి ఏదైనా ఒక సంగతి దొరుకుతుందేమోనని మర్నాడు ఆయన పర్సనల్ ఫైలు తెప్పించుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ ఫైలు చేతికి తేలిగ్గా ఉంది. లైసెన్స్ రెన్యువల్ కాపీలు, మెడికల్ సర్టిఫికెట్లు, పీఎఫ్ నామినేషన్, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళకి తీసుకున్న అడ్వాన్సుల కాగితాలు. ఒక్క యాక్సిడెంట్ రిపోర్టు లేదు. ఒక్క పోలీసు కాగితం లేదు. చివర్లో మాత్రం ఒక మెమో ఉంది. ఇరవై నాలుగేళ్ళలో ఒకే ఒక్క మెమో.

"విషయం: వాహనం ఆలస్యంగా బయలుదేరుట మరియు అనుమతి లేని చోట నిలుపుట." తేదీ 2014 జులై. కింద సంతకం నాదే.

ఆ రాత్రి గురించి చెప్పాలి.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మెకానికల్ డిగ్రీ ఉందన్న ధీమా ఇంకా తగ్గలేదు. తెలంగాణ వచ్చి నెల దాటింది గానీ మా లారీల నంబర్ ప్లేట్ల మీద ఇంకా ఏపీ అనే ఉంది. పటాన్‌చెరు వైపు ఒక గోడౌన్ నుంచి రాయదుర్గంలో ఒక ఐటీ క్యాంపస్‌కి 500 కేవీఏ జనరేటర్ వెళ్ళాలి. బరువు సుమారు 6 టన్నులు. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా సైట్‌లో ఉండాలి. అక్కడ దించడానికి హైడ్రా సిద్ధంగా ఉంటుంది. (ఇళ్ళు కూలగొట్టే హైడ్రా కాదు. అప్పట్లో హైడ్రా అంటే క్రేనే.) క్రేన్ అద్దె గంటల లెక్క. పని ఆరింటికల్లా అయిపోవాలి. లేదంటే ఖాళీ లారీ సిటీలో ఇరుక్కుంటుంది.

పని నేర్చుకోవాలని నేను కూడా క్యాబిన్‌లో వెళ్తున్నాను. రెండున్నరకల్లా జనరేటర్ లారీ మీద పెట్టేశారు. పది టైర్ల లారీ, ఫ్లాట్‌గా ఉన్న ఇనుప ప్లాట్‌ఫాం. జనరేటర్ కింద దాని ఇనుప బేస్ ఫ్రేము. పైనుంచి నాలుగు బెల్టులు వేసి రాచెట్లతో బిగించారు. నేను చెయ్యి పెట్టి లాగి చూశాను. రాయిలా ఉంది. "పదండి కాకా" అన్నాను.

కాకా కదల్లేదు. చుట్టూ తిరిగి, వంగి, టార్చి వేసి ఫ్రేము అడుగున చూశారు. "మళ్ళ లేపాలె సారూ" అన్నారు.

"ఎందుకు? బెల్టులు గట్టిగానే ఉన్నాయిగా?"

"బెల్టు గట్టిగనే ఉన్నది. కింద పట్టు లేదు. ఇనుము మీద ఇనుము పెడితే జారుతది. బండి ఆగుతది సారూ, సామాను ఆగదు."

నేను గడియారం చూపించాను. ఆయన క్లీనర్‌ని పంపి గోడౌన్ వెనక పడేసిన పాత కన్వేయర్ బెల్టు ముక్కలు తెప్పించారు. క్రేన్ ఆపరేటర్ గొణుక్కుంటూనే జనరేటర్‌ని మళ్ళీ అరడుగు లేపాడు. కాకా ప్లాట్‌ఫాం మీద పడ్డ డీజిల్ చుక్కల్ని గుడ్డతో తుడిచారు, ఇసుకని చీపురుతో ఊడ్చారు, తర్వాత ఫ్రేము ఆనే ఆరు చోట్ల రబ్బరు ముక్కలు పరిచారు. దించాక బెల్టులు మళ్ళీ వేశారు. బేస్ ఫ్రేము నాలుగు మూలల నుంచి ప్లాట్‌ఫాం కొక్కేలకి ఏటవాలుగా నాలుగు గొలుసులు బిగించారు. అన్నీ అయ్యాక జేబులోంచి సుద్దముక్క తీసి, ఫ్రేము అంచు మీద నుంచి ప్లాట్‌ఫాం మీదకి కలుపుతూ ఒక అడ్డగీత గీశారు. అలా నాలుగు వైపులా నాలుగు గీతలు.

అదేదో నిమ్మకాయా మిరపకాయల్లాంటి నమ్మకం అనుకున్నాను. యాభై నిమిషాలు పోయాయి.

మూడుంబావు దాటాక బయలుదేరాం. ఇండస్ట్రియల్ ఏరియా గుంతల రోడ్డు మీద ఏడు కిలోమీటర్లు వచ్చి, ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కబోయే ముందు ఆయన లారీ పక్కకి తీసి ఆపారు. మళ్ళీ దిగారు. ఒక్కో రాచెట్ ఇంకో రెండు పళ్ళు బిగించారు. గొలుసులు తట్టి చూశారు. పన్నెండు నిమిషాలు. అప్పటికి నా ఫోన్‌కి సైట్ నుంచి నాలుగు కాల్స్ వచ్చాయి.

నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ దిగే ర్యాంపు మీద ఉన్నాం. సన్నగా వాన. ర్యాంపు చివర, మలుపు తిరిగాక, నైట్ షిఫ్ట్ క్యాబ్ ఒకటి లైట్లు కూడా సరిగ్గా లేకుండా రోడ్డు మధ్యలో ఆగి ఉంది. కాకా బ్రేకు తొక్కారు. డ్యాష్‌బోర్డు మీదున్న నా ఫోనూ ఆయన టీ ఫ్లాస్కూ ఎగిరి ముందు అద్దానికి కొట్టుకున్నాయి. లారీ క్యాబ్‌కి రెండు గజాల దూరంలో ఆగింది. వెనక్కి తిరిగి చూస్తే ఆరు టన్నుల జనరేటర్ ఎక్కడిది అక్కడే ఉంది.

ఆ క్షణంలో నేనేం చేశానో నాకు బాగా గుర్తుంది. నా ఫోన్ స్క్రీన్ పగిలిందేమోనని చూసుకున్నాను.

సైట్‌కి ఐదుంబావుకి చేరాం. దించే ముందు కాకా నాలుగు గీతల దగ్గరా టార్చి వేసి చూశారు. గీతలు ఎక్కడా తెగలేదు. ఫ్రేము మీది సగమూ ప్లాట్‌ఫాం మీది సగమూ ఒకే వరుసలో ఉన్నాయి. తల ఊపి, చేత్తో చెరిపేశారు. నేను మాత్రం క్రేన్ వెయిటింగ్ బిల్లు మీద సంతకం పెడుతూ ఉన్నాను. మర్నాడు క్లయింట్ నుంచి ఆలస్యం గురించి మెయిల్ వచ్చింది. జీపీఎస్ రిపోర్టు తీశాను. యాభై నిమిషాలు ఆలస్యంగా స్టార్ట్, పన్నెండు నిమిషాల "అన్‌షెడ్యూల్డ్ హాల్ట్". రెండూ ఎర్ర రంగులో ఉన్నాయి. మెమో రాశాను. మెమో ఉన్నవాళ్ళకి ఆ ఏడాది ఇన్సెంటివ్ రాదని నాకు తెలుసు. మూడు వేల రూపాయలు. ఆయన ఏమీ అనలేదు. మెమో కాపీ మీద తెలుగులో సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం. ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో ఫ్రిక్షన్ చాప్టర్ చదివిన ఎవరైనా చెయ్యగలిగిన లెక్కే. నేను కూడా చదివాను, మంచి మార్కులే వచ్చాయి. ఆ రాత్రి నాలుగు అడుగుల దూరంలో నిలబడి కూడా నాకు తట్టలేదు.

గట్టిగా బ్రేకు వేస్తే లోడు ముందుకి తోసుకువస్తుంది. ఎంత బలంతో అన్నదానికి యూరప్ ప్రమాణాల్లో తీసుకునే అంకె లోడు బరువులో 0.8 వంతు. మన 6 టన్నుల జనరేటర్‌కి 4.8 టన్నులు. దాన్ని ఆపేది మొదట కింది రాపిడి. ఇనుము మీద ఇనుముకి రాపిడి గుణకం 0.15 అనుకుందాం, నూనో నీళ్ళో ఉంటే ఇంకా తక్కువే. అంటే రాపిడి ఆపేది 0.9 టన్నులు. ఇంకా 3.9 టన్నులు బెల్టులు ఆపాలి.

మనం పొరబడేది ఇక్కడే. పైనుంచి వేసిన బెల్టు లోడుని వెనక్కి పట్టి లాగదు. కిందికి అదుముతుంది, అంతే. లోడు బరువు కొంచెం పెరిగినట్టు లెక్క. ఆ పెరిగిన బరువుని మళ్ళీ అదే 0.15తో గుణించాలి. చేత్తో రాచెట్ బిగిస్తే సుమారు 400 కిలోల బిగువు వస్తుందనుకుంటే, రెండు వైపులా కలిపి 800 కిలోలు అదుముతుంది. అందులో 0.15 వంతు 120 కిలోలు. ఒక బెల్టు చేసే మేలు అంతే. 3.9 టన్నులకి ఎన్ని బెల్టులు కావాలి? ముప్పై మూడు. మేం వేసినవి నాలుగు. నేను చేత్తో లాగి "రాయిలా ఉంది" అన్నవి అవే.

ఇప్పుడు కింద రబ్బరు పెట్టండి. జారకుండా వేసే రబ్బరు మ్యాట్లకి 0.6 తీసుకుంటారు. రాపిడి ఒక్కటే 3.6 టన్నులు ఆపేస్తుంది. మిగిలింది 1.2 టన్నులు. ఒక్కో బెల్టు ఇప్పుడు 480 కిలోలు ఆపుతుంది. మూడు బెల్టులు చాలు.

ముప్పై మూడు ఎక్కడ, మూడు ఎక్కడ! తేడా అంతా ఆ పాత కన్వేయర్ ముక్కల్లో ఉంది. అయితే ఈ లెక్క కాగితం మీదిది. కన్వేయర్ ముక్క పరీక్ష చేసిన మ్యాట్ కాదు. దాని కింద ఇసుక ఉన్నా డీజిల్ ఉన్నా 0.6 అన్న మాట మర్చిపోవాలి. బెల్టు బిగువు కూడా రాచెట్ లేని వైపుకి పూర్తిగా చేరదు. మొదటి కొన్ని కిలోమీటర్ల కుదుపులకి లోడు సర్దుకుని బెల్టు వదులవుతుంది. అందుకే ఆయన తుడిచారు, ఊడ్చారు, రబ్బరుని మాత్రమే నమ్ముకోకుండా గొలుసులు వేశారు, ఏడు కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్ళీ బిగించారు. అవన్నీ జరిగాక కూడా లోడు కదిలిందో లేదో తెలుసుకోవడానికి గీత గీశారు. లోడు అర అంగుళం జరిగితే కంటికి తెలియదు. గీత తెగితే తెలుస్తుంది. తెగిందంటే ఆ కట్టు పనిచెయ్యలేదనీ, వచ్చేసారి మార్చాలనీ అర్థం.

మా రిపోర్టులో ఈ జాగ్రత్తలు పెట్టడానికి గడి లేదు. ఆలస్యానికీ అనుమతి లేని ఆగుడుకీ మాత్రమే ఉంది. ఆయన ఆ రాత్రి చేసిన మంచి పనంతా ఆ రెండు గడుల్లోనే ఎర్రగా పడింది.

ఇదంతా నాకు ఎప్పుడు అర్థమైంది? 2017లో. మా దగ్గరే ఇంకో లారీలో యూపీఎస్ ప్యానెల్ ఒకటి బ్రేకు వెయ్యగానే ఎనిమిది అంగుళాలు ముందుకి జారి క్యాబిన్ వెనక ఇనుప పలకని లోపలికి వంచేసింది. ఇంకొంచెం ఉంటే డ్రైవర్ వీపుకి తగిలేది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ నాకు అప్పగించారు. అప్పుడు కూర్చుని ఈ లెక్క చేశాను. కాకా రబ్బరు ముక్కలు గుర్తొచ్చాయి. రబ్బరు మ్యాట్లు తప్పనిసరి అని ఒక ప్రొసీజర్ రాశాను. బొమ్మలతో, లెక్కలతో, చక్కటి ప్రెజెంటేషన్. ఆ ఏడాది నాకు షీల్డు ఇచ్చారు. ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది. ఆ ప్రెజెంటేషన్‌లో కాకా పేరు లేదు. మూడేళ్ళ ముందు ఇదే పని చేసినందుకు నేనే ఆయనకి మెమో ఇచ్చానన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ఫైలు తియ్యలేదు, అంతే.

ఇప్పుడు ఫైలు నా ముందుంది. రెండు రోజుల్లో స్పీచ్.

మా బాస్‌ని అడిగాను. "మంచి రోజున ఆ గొడవ ఎందుకయ్యా? శాలువా కప్పు, నాలుగు మంచి మాటలు చెప్పు, ఫొటో దిగు. మెమో సంగతి విడిగా ఆయనతో చెప్పుకో" అన్నారు. ఆ మాటలోనూ న్యాయముంది. తప్పు ఒప్పుకోవడంలో కూడా మనం మంచివాళ్ళం అనిపించుకునే ఆశ ఒకటి ఉంటుంది. ఆయన రోజుని నా రోజుగా మార్చేస్తానేమో అని భయమేసింది. కానీ మెమో నోటీసు బోర్డు మీద పెట్టాం. షీల్డు స్టేజీ మీద తీసుకున్నాను. క్షమాపణ మాత్రం చాటుగా చెప్పడం సరికాదనిపించింది. ఒక నియమం పెట్టుకున్నాను. నా సంగతి మూడు వాక్యాలకి మించకూడదు, మిగతాదంతా ఆయన పని గురించే ఉండాలి.

ఫంక్షన్ మాదాపూర్ ఆఫీసులో, నాలుగో అంతస్తులో. మూడున్నరకని చెప్పాం. నాలుగైనా కాకా రాలేదు. ఫోన్ చేస్తే, "వెనక గేటు కాడ ఉన్న సారూ" అన్నారు. తెల్లచొక్కా వేసుకుని, భార్యనీ పెద్దకూతుర్నీ వెంటబెట్టుకుని ముందు గేటుకే వచ్చారట. సెక్యూరిటీ అబ్బాయి ఆయన్ని గుర్తుపట్టి, అలవాటుగా "కాకా, మెటీరియల్ గేటు అటు" అన్నాడట. ఆయన కూడా అలవాటుగానే అటు వెళ్ళారు. నేను కిందికి పరిగెత్తి ముగ్గుర్నీ ముందు లిఫ్టులో తీసుకొచ్చాను. ఆ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో ఉన్న జనరేటర్ ఆయన తెచ్చిందే. లిఫ్టు ఎక్కడం మాత్రం అదే మొదటిసారి.

హాల్లో ముందు వరుసల్లో ఆఫీసు వాళ్ళు, వెనక గోడ వెంబడి పదకొండు మంది డ్రైవర్లు, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడి ఉన్నారు. నేను మాట్లాడింది దాదాపు ఇది:

"కాకా, చిన్నమ్మా, అందరికీ నమస్కారం. కాకా మంచివారని నేను చెప్పక్కర్లేదు. అది మీకు తెలుసు. ఆయనకి ఏం పని వచ్చో చెప్తాను. ముందు వరుసల్లో వాళ్ళకి అది తెలియదు. నాకూ చాలా కాలం తెలియలేదు.

లారీ నడపడం అంటే స్టీరింగ్ తిప్పడం అనుకుంటాం. కాకా దగ్గర లారీ నడపడం బండి కదలక ముందే మొదలవుతుంది. సామాను ఎక్కగానే ఆయన పైకి చూడరు, కిందికి చూస్తారు. బెల్టు ఎంత గట్టిగా ఉందన్నది తర్వాత. కింద పట్టుందా లేదా అన్నది ముందు. ఇనుము మీద ఇనుము పెట్టనివ్వరు. కొంచెం దూరం పోయాక ఆగి మళ్ళీ బిగిస్తారు. సుద్దతో గీత గీస్తారు. దించేటప్పుడు ఆ గీత చూసుకుంటారు. అది పరీక్ష. ఆ పరీక్ష ఇరవై నాలుగేళ్ళు ప్రతి రాత్రీ తనకి తనే పెట్టుకుని, తనే దిద్దుకున్నారు. మార్కులు ఎవరికీ చూపించలేదు. చేత్తో చెరిపేసేవారు.

2014 జులైలో ఒక రాత్రి నేను ఆయన క్యాబిన్‌లో ఉన్నాను. ఆయన ఇవన్నీ చేసినందుకు గంట ఆలస్యమైందని నేను మెమో ఇచ్చాను, ఆయన మూడు వేలు పోయాయి. 2017లో అదే పద్ధతి నా పేరు మీద రాసి షీల్డు తీసుకున్నాను. ఆ మెమో తప్పు, ఆ షీల్డు ఆయనది. ఇవాళ ఆ మెమోని రాతపూర్వకంగా వెనక్కి తీసుకుంటున్నాను.

వెనక నిలబడ్డ అన్నలకి ఒక మాట. ఇప్పటి నుంచి లోడు కట్టడానికి పట్టే టైమూ, మొదటి పది కిలోమీటర్లలో ఒకసారి ఆగి బిగించే టైమూ ట్రిప్ టైములోనే కలిసి ఉంటాయి. రిపోర్టులో ఎర్ర రంగు పడదు. ఎవరైనా ఆపకుండా పోతే, అప్పుడు అడుగుతాను. కాకా, మీరు నేర్పింది పదకొండేళ్ళకి నాకు ఎక్కింది. ఆలస్యంగా స్టార్ట్ అయిన బండిని నేనే."

చివరి మాటకి వెనక వరుస నవ్వింది. ముందు వరుస ఏం చెయ్యాలో తెలియక చప్పట్లు కొట్టింది. మా బాస్ ఫోన్ చూసుకుంటున్నారు.

మెమో ఉపసంహరణ కాగితం కాకా చేతికిచ్చాను. పాత మెమో ఇంకో చేతిలో ఉంది. చింపెయ్యబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"చింపకుండ్రి సారూ. కొత్తగొచ్చే పోరగాళ్లకు సూపియ్యుండ్రి. జాగ్రత్తగుంటే మెమో కూడ వస్తదని ఎర్కుండాలె గదా."

నవ్వుతూనే అన్నారు. కానీ అది జోకు కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. తర్వాత మైకు ఇస్తే తీసుకోలేదు. కొంతసేపు నిలబడి, "ఆ రాత్రి సారుకు ఫోను కింద పడ్డది. నాకు ఫ్లాస్కు పలిగింది. ఫ్లాస్కు పైసలు మాత్రం సారే ఇచ్చిండు" అన్నారు. నిజమే. ఆ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

ఆయన కూతురు మాత్రం నాతో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు, "ఆ సంవత్సరం నా పరీక్ష ఫీజు కట్టడానికి నాన్న అప్పు చేశాడు సార్" అంది. అంతే అంది. నేను దానికి ఏ జవాబూ చెప్పలేకపోయాను. ఆ మూడు వేలు తిరిగి ఇప్పించడానికి అకౌంట్స్ వాళ్ళతో రెండు వారాలు తిరిగాను. మూసేసిన సంవత్సరాన్ని మళ్ళీ తెరవలేమన్నారు. చివరికి "ఇతరములు" కింద రాసి ఇచ్చారు. పరీక్ష ఫీజు కట్టే రోజు మాత్రం తిరిగి రాలేదు.

స్పీచ్‌లో ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం స్పీచ్ ఇచ్చినంత తేలిక కాలేదు. బిగించే ఆగుడుకి జీపీఎస్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త కోడ్ పెట్టించడానికి నెల పట్టింది. ట్రిప్పుకి పదిహేను నిమిషాలు అదనంగా ఇచ్చాం. ఒక క్లయింట్ ఒప్పుకోలేదు. "మిగతా ట్రాన్స్‌పోర్టర్లకి అవసరం లేని పదిహేను నిమిషాలు మీకెందుకు?" అని అడిగారు. ముప్పై మూడు బెల్టుల లెక్క చూపించాను. ఆయనా ఇంజనీరే. కాసేపు చూసి, "అయితే గంట ముందే బయలుదేరండి" అన్నారు. సరే అన్నాం. దానికి డ్రైవర్లు గంట ముందు రావాలి, అంటే వాళ్ళ నిద్రలో గంట పోతుంది. ఆ లెక్క ఇంకా తేలలేదు.

మొన్న వానలో యార్డుకి వెళ్ళాను. కొత్తగా చేరిన కుర్రాడు చిల్లర్ లోడు కట్టించి, సుద్దతో గీత గీస్తున్నాడు. తడి ఇనుము మీద సుద్ద పడటం లేదు. ఏం చెయ్యాలో నాకూ తెలియలేదు. కాకాకి ఫోన్ చేశాను.

"వానల సుద్దేడ పడతది సారూ? పెయింటు డబ్బా సీట్ల కింద పెట్టుకోమను" అన్నారు. తర్వాత కొంచెం ఆగి, "ఇయ్యాల రెండుసార్లు ఆపుమను" అన్నారు.

ఆ రాత్రి ఆ బండి రెండుసార్లు ఆగింది. మర్నాటి రిపోర్టులో రెండో ఆగుడు ఎర్రగానే వచ్చింది. మేం పెట్టిన కోడ్ ఒక్క ఆగుడుకే.